తవుడు తీసేయాలా, ఉంచాలా: గ్రాఫ్ కాగితం మీద తేల్చిన దాణా లెక్క

తవుడు ధర మొక్కజొన్నను దాటగానే మా దాణా మిల్లులో కొనుగోళ్లు చూసే పెద్దాయన నా దగ్గరికి వచ్చారు. "మొక్కజొన్న కిలో 20, తవుడు 22. మొక్కజొన్న కన్నా నాసి సరుకుకు ఎక్కువ ధర ఎందుకు పెట్టాలి? తవుడు తీసేసి ఆ చోట మొక్కజొన్న వేయించండి" అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. కంప్యూటర్ మాత్రం తవుడు 14 ఉన్నప్పుడు ఏ మిశ్రమం చెప్పిందో, 22 అయ్యాక కూడా అదే చెబుతోంది. స్క్రీన్ మీద అంకె చూపించి "లెక్క అలా వచ్చింది సార్" అంటే ఒప్పుకునే మనిషి కాదు ఆయన. కారణం కనబడాలి. అందుకే గ్రాఫ్ కాగితం తీశాను.

గుడ్లు పెట్టే కోళ్ల దాణా అది. సున్నపురాయి, ఉప్పు, ఖనిజాలు, విటమిన్లు ఎప్పుడూ ఒకే పాళ్లలో పడతాయి కనుక వాటిని పక్కన పెట్టాను. మిగిలిన ప్రధాన సరుకులు మూడు: మొక్కజొన్న, సోయా చెక్క, నూనె తీసిన తవుడు. ఈ మూడూ కలిసి 100 కిలోలు కావాలి. ప్రోటీన్ 18 శాతానికి తగ్గకూడదు, పీచు 6 శాతం మించకూడదు, శక్తి కిలోకు 2600 కిలోకేలరీలకు తగ్గకూడదు.

లెక్కకు కూర్చునే ముందు ప్రయోగశాల కాగితాలు ఒకసారి సరిచూశాను. మొక్కజొన్న ప్రోటీన్ 10.2 శాతం అని ఉంది, మిగతా రెండు సరుకుల కన్నా ఆ కాగితం శీర్షిక వేరుగా ఉంది: తేమ పూర్తిగా తీసేసిన లెక్కన ఇచ్చారు. మన గోదాములోని గింజలో 12 శాతం తేమ ఉంటుంది. అంటే తూకం వేసే సరుకులో ప్రోటీన్ 10.2లో 88 శాతం, సుమారు 9. ఒక సరుకును ఎండు లెక్కన, ఇంకొకదాన్ని తడి లెక్కన కలిపితే ఆ తర్వాత గీసే గీతలన్నీ ఎంత అందంగా ఉన్నా పనికిరావు. అన్నింటినీ ఒకే లెక్కలోకి తెచ్చాక అంకెలు ఇలా నిలిచాయి. మొక్కజొన్నలో ప్రోటీన్ 9, పీచు 2, శక్తి 3300. సోయా చెక్కలో 45, 4, 2400. తవుడులో 15, 14, 2000. సోయా ధర కిలో 44.

మూడు సరుకులను రెండు అక్షాల కాగితం మీద ఎలా పెట్టాలన్నది మొదటి చిక్కు. మొత్తం 100 అని ముందే తెలుసు కనుక దానికి దారి ఉంది. మొక్కజొన్న x కిలోలు, సోయా y కిలోలు అనుకుంటే మిగిలినదంతా తవుడే, అంటే 100 − x − y. మూడో సరుకు ఇక అక్షం అడగదు. కాగితం మీద ప్రతి బిందువూ ఒక పూర్తి మిశ్రమం అవుతుంది.

ప్రోటీన్ షరతును అలా రాస్తే ఇలా తేలుతుంది:

```
9x + 45y + 15(100 − x − y) ≥ 1800
−6x + 30y ≥ 300
y ≥ 10 + x/5
```

కుడివైపు 18 కాకుండా 1800 ఎందుకంటే, 100 కిలోలకు శాతాలను గుణించి పెట్టుకున్నాం. మిగతా రెండూ ఇదే పద్ధతిలో కుదించాను:

```
పీచు:   6x + 5y ≥ 400
శక్తి:   13x + 4y ≥ 600
తవుడు:  x + y ≤ 100
ఇంకా    x ≥ 0, y ≥ 0
```

చివరి గీత ముఖ్యమైనది. x + y = 100 అంటే తవుడు సున్నా. పెద్దాయన అడుగుతున్న మిశ్రమాలన్నీ సరిగ్గా ఆ గీత మీదే ఉంటాయి.

పీచు షరతు "మించకూడదు" అన్న మాటతో మొదలై, కుదించాక "తగ్గకూడదు" అన్న గుర్తుతో మిగలడం చూసి కొత్తవాళ్లు కంగారు పడతారు. అందులో తప్పేమీ లేదు. పీచు ఎక్కువగా తవుడులోనే ఉంది, తవుడు తగ్గాలంటే మిగతా రెండూ పెరగాలి, ఆ అసమీకరణం చెబుతున్నది అదే. అయినా ప్రతి గీతకూ ఏ వైపు పనికొస్తుందో ఒక బిందువు వేసి చూడడం నా అలవాటు. x, y రెండూ సున్నా అంటే మొత్తం తవుడే. అందులో పీచు 14 శాతం. కాబట్టి మూలబిందువు ఉన్న వైపు పనికిరాదు.

ఒక సెంటీమీటరుకు 10 కిలోలు పెట్టుకుని గీశాను. ప్రోటీన్ గీత (0, 10) నుంచి మెల్లగా పైకి లేస్తూ (75, 25) దగ్గర తవుడు లేని గీతను తాకింది. పీచు గీత (0, 80) నుంచి ఏటవాలుగా దిగి, (50, 20) దగ్గర ప్రోటీన్ గీతను కోసింది. శక్తి గీత (20, 85), (40, 20) బిందువుల గుండా పోతూ ఎడమవైపు సోయా మరీ ఎక్కువైన మిశ్రమాలను తీసేసింది. మన పనికి అక్కడితో దాని పాత్ర అయిపోయింది. అన్ని షరతులూ ఒప్పుకునే ప్రాంతం నాలుగు మూలల బొమ్మగా మిగిలింది. దాని అడుగు అంచు ప్రోటీన్ గీత. ఆ అంచుకు ఎడమ కొసన (50, 20), కుడి కొసన (75, 25).

మూలలను కాగితం మీద కంటితో చదివి వదిలేయకూడదు. పెన్సిలు మందం వల్లే అర కిలో తేడా వస్తుంది. ఏ రెండు గీతలు కోసుకున్నాయో బొమ్మలో చూసి, ఆ రెండు సమీకరణాలను సాధించి అంకె తీసుకోవాలి. y విలువను ప్రోటీన్ గీత నుంచి తెచ్చి పీచు గీతలో పెడితే 7x = 350, అంటే x = 50, y = 20, తవుడు 30. కంప్యూటర్ చెబుతున్న మిశ్రమం అదే.

ఇక ఖర్చు. తవుడు 22 ఉన్నప్పుడు 100 కిలోల ఖర్చు:

```
20x + 44y + 22(100 − x − y) = 2200 − 2x + 22y
```

ఒకే ఖర్చు వచ్చే మిశ్రమాలన్నీ ఒక సరళరేఖ మీద ఉంటాయి. ఇక్కడ దాని వాలు 2/22, అంటే 1/11. x కుడికి 11 కిలోలు జరిగితే గీత ఒక కిలో పైకి లేస్తుంది. ప్రోటీన్ అంచు వాలు 1/5, ఖర్చు గీత కన్నా ఎక్కువ. స్కేలును ఆ వాలులో పెట్టి ఏటవాలు మారకుండా కిందికి జరుపుతూ వచ్చాను, ఎందుకంటే y తగ్గితే ఖర్చు తగ్గుతుంది. ప్రాంతాన్ని వదిలేసే ముందు స్కేలు చివరగా ఆనుకున్న మూల (50, 20). ఖర్చు 2540. తవుడు లేని (75, 25) మూలలో 2600.

పెద్దాయన బొమ్మను చూసి, "బాగానే ఉంది, కానీ ఖరీదైన సరుకు తీసేస్తే ఖర్చు పెరగడం ఏమిటి?" అన్నారు. అప్పుడు రెండు మూలల మధ్య తేడా మాత్రమే చూపించాను. తవుడు 30 కిలోలు తీస్తే దాని చోట మొక్కజొన్న 30 కిలోలు వేయలేము. తవుడులో 15 శాతం ప్రోటీన్ ఉంది, మొక్కజొన్నలో 9. లోటు పూడ్చడానికి సోయా కావాలి. 25 కిలోల మొక్కజొన్న, 5 కిలోల సోయా పడతాయి. వాటి ఖరీదు 500, 220, వెరసి 720. తీసేసిన 30 కిలోల తవుడు 22 చొప్పున 660. అంటే ఈ దాణాలో తవుడు విలువ కిలోకు 24. అంతకు తక్కువకు దొరికినంత కాలం, మొక్కజొన్న కన్నా ఖరీదైనా సరే, అది లాభమే.

బొమ్మలో ఆ 24 కూడా కనబడుతుంది. తవుడు ధర పెరిగేకొద్దీ ఖర్చు గీత వాలు మారుతుంది. ధర 14 ఉన్నప్పుడు అది కుడివైపు కిందికి వాలి ఉండేది. 20 దగ్గర అడ్డంగా పడుకుంటుంది. 22కు కొంచెం పైకి లేస్తుంది. 24 దగ్గర వాలు 4/20, అంటే 1/5 అయి ప్రోటీన్ అంచుకు సమాంతరమవుతుంది. అప్పుడు ఆ అంచు మీద ఏ మిశ్రమమైనా 2600కే వస్తుంది. 24 దాటగానే స్కేలు ఆనుకునే మూల ఒక్కసారిగా (75, 25)కు మారిపోతుంది. ధర 14 నుంచి 22కు పెరిగినా మిశ్రమం కదలకపోవడానికి కారణం ఇదే: గీత తిరిగింది కానీ అదే మూలను పట్టుకుని తిరిగింది.

పీచు పరిమితిని 7కు సడలిస్తే ఎంత మిగులుతుందని ఆయన మరో ప్రశ్న వేశారు. గీతను సమాంతరంగా ఎడమకు జరిపి చూస్తే కొత్త మూల సుమారు (42.9, 18.6). మిగిలేది 100 కిలోలకు 17 మాత్రమే. తవుడు 14 ఉన్న రోజుల్లో అదే సడలింపు 86 మిగిల్చేది. ఒక నాణ్యతా పరిమితి ఎంత ఖర్చు పెట్టిస్తోందన్నది ఆ పరిమితి ఒక్కదాన్ని చూసి చెప్పలేం.

ఈ పద్ధతికి హద్దులున్నాయి. ప్రోటీన్, పీచు బరువు లెక్కన నేరుగా కలుస్తాయి కనుక గీతలు సరళరేఖలుగా వచ్చాయి. ఇంధనాల మిశ్రమంలో ఆక్టేన్ సంఖ్య, ఆవిరి పీడనం అలా కలవవు. వాటిని ముందు నేరుగా కలిసే మిశ్రమ సూచికలుగా మార్చుకుని, ఆ సూచికలతో ఇదే లెక్క చేస్తారు. 1952లోనే చార్న్స్, కూపర్, మెలన్ అనే పరిశోధకులు విమాన పెట్రోలు మిశ్రమాలకు ఏకఘాత ప్రణాళికను, అంటే ఇలాంటి సరళరేఖ షరతుల మధ్య ఉత్తమ మిశ్రమం వెతికే పద్ధతిని, వాడి చూపించారు. మా లెక్కలోనైనా నాలుగో సరుకు చేరితే కాగితం చాలదు, మూల నుంచి మూలకు అంకెలతోనే వెళ్లే సింప్లెక్స్ పద్ధతికి మారాల్సిందే.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది వేరే విషయం. ఉత్తమ మూల రెండు గీతల మీదా సరిగ్గా కూర్చుంటుంది: ప్రోటీన్ 18.0, పీచు 6.0. సరుకు రోజూ ఒకేలా రాదు. ఒక లోడు మొక్కజొన్నలో ప్రోటీన్ 8 ఉంటే దాణా 17.5కు పడిపోతుంది. ఏ సంచిని పరీక్షకు పంపినా, ఒక్కో పరిమితి దగ్గర నెగ్గడం తప్పడం దాదాపు సగం సగం అవకాశంగా మిగులుతుంది. అందుకని లెక్కలో ప్రోటీన్ 18.5, పీచు 5.75 అని పెట్టుకుని మళ్లీ గీశాను. రెండు గీతలూ లోపలికి జరిగాయి. పీచుకు 6x + 5y = 412.5, ప్రోటీన్‌కు y = 11.67 + x/5. కొత్త మూల దాదాపు మొక్కజొన్న 50.6, సోయా 21.8, తవుడు 27.6. ఖర్చు 2578. అంటే 100 కిలోలకు 38 అదనం. వెనక్కి వచ్చే లోడు ఖర్చుతో పోలిస్తే ఇది తక్కువేనని పెద్దాయన వెంటనే ఒప్పుకున్నారు. గీతలు జరిగాయే తప్ప వాలు మారలేదు కనుక, తవుడు ఎంతవరకు కొనవచ్చన్న హద్దు 24 దగ్గరే ఉంది. ఆయన ఆ అంకెను తన కొనుగోళ్ల పుస్తకంలో రాసుకున్నారు. మొక్కజొన్న లేదా సోయా ధర మారితే అది కూడా మారుతుందని చెప్పి, 25, 5 కిలోల లెక్కను పక్కనే రాసిచ్చాను.