లంజెస్‌లో అడుగు పొడవు: నా మోకాలి నొప్పి నేర్పిన లెక్క

నా కుడి మోకాలు మెట్లు ఎక్కేటప్పుడు ఊరుకునేది, దిగేటప్పుడే సలిపేది. చాలాసేపు కాళ్లు ముడుచుకుని కూర్చుని లేస్తే చిప్ప చుట్టూ పట్టేసినట్టు ఉండేది. ఆర్థోపెడిక్ డాక్టర్ పరీక్ష చేసి వాపు లేదని, లిగమెంట్లు బాగానే ఉన్నాయని చెప్పారు. చిప్పకీ తొడ ఎముకకీ మధ్య ఒత్తిడి ఎక్కువైతే వచ్చే నొప్పి ఇదని ఫిజియోథెరపిస్టు దగ్గరికి పంపారు. అప్పటికే నేను జిమ్‌లో లంజెస్, అంటే ఒక కాలు ముందు, ఒక కాలు వెనక పెట్టి మోకాళ్లు వంచి కిందికి దిగి లేచే వ్యాయామం, మానేశాను. కానీ ఫిజియో మేడమ్ మొదటి రోజే, "ఏదీ, మీరు చేసే లంజ్ ఒకసారి చూపించండి" అన్నారు.

ఆ క్లినిక్ నేల మీద మన ఇళ్లలో వేసే రెండడుగుల టైల్స్ ఉన్నాయి. స్కేలు అక్కర్లేకుండా అవే నాకు కొలత అయ్యాయి. నేను అలవాటుగా వేసిన అడుగు, వెనక కాలి వేళ్ల నుంచి ముందు కాలి మడమ దాకా, సరిగ్గా ఒక టైలు. అంటే సుమారు 60 సెంటీమీటర్లు. మేడమ్ పక్క నుంచి ఫోన్‌లో వీడియో తీసి, కిందికి దిగిన చోట ఆపి చూపించారు. ముందు మోకాలు బొటనవేలిని కాస్త దాటి ఉంది. మడమ లేవడానికి సిద్ధంగా ఉంది. తర్వాత టైలున్నర దూరం, అంటే 90 సెంటీమీటర్ల దాకా కాళ్లు చాపి, అంతే లోతుకు దిగమన్నారు. ఈసారి మోకాలు చీలమండకి సరిగ్గా పైన నిలిచింది. చిప్ప దగ్గర సలుపు దాదాపు లేదు. దానికి బదులు పిరుదు, తొడ వెనక భాగం గట్టిగా పట్టుకున్నాయి.

మోకాలు రెండు సార్లూ ఒకేలా, దాదాపు 90 డిగ్రీలు వంగింది. బరువూ నాదే. మరి తేడా ఎక్కడిది?

మేడమ్ వీడియో మీద వేలితో ఒక గీత గీసి చూపించారు. ముందు పాదం కింద నేల పైకి తోసే బలం ఆ గీత వెంట పోతుందనుకోండి. ఆ గీతకి మోకాలు ఎంత దూరంగా ఉంటే తొడ ముందు కండరాలు అంత గట్టిగా లాగాలి. తుంటి ఎంత దూరంగా ఉంటే పిరుదు కండరాలు అంత పని చేయాలి. గడియ పక్కన తోస్తే తేలిగ్గా తెరుచుకునే తలుపు, బందు పక్కన తోస్తే మొరాయిస్తుంది కదా, అదే సూత్రం. పొట్టి అడుగులో మోకాలు ఆ గీతకి ముందుకు జరిగిపోతుంది. పొడవు అడుగులో మోకాలు గీతకి దగ్గరగా ఉంటుంది, పని తుంటి వైపు వెళుతుంది.

ఇంటికొచ్చి ఉజ్జాయింపుగా లెక్క వేసుకున్నాను. ముందు కాలి మీద 40 కిలోలు పడుతున్నాయనుకుందాం. పొట్టి అడుగులో గీతకీ మోకాలికీ దూరం 15 సెంటీమీటర్లు, పొడవు అడుగులో 5 అనుకుందాం. చిప్ప మీదుగా లాగే కండరానికి మోకాలి దగ్గర దొరికే దూరం దాదాపు 4 సెంటీమీటర్లే. కాబట్టి మొదటి దాంట్లో కండరం 150 కిలోల బరువుకి సమానంగా లాగాలి, రెండో దాంట్లో 50 కిలోలు చాలు. ఆ లాగుడే చిప్పని తొడ ఎముక మీద అదుముతుంది. అంకెలు అర్థం కావడానికి వేసుకున్నవే. అయితే దిశ మాత్రం నిజం. పరిశోధకుడు రఫేల్ ఎస్కమిల్లా బృందం 2008లో కొలిచి చూసినప్పుడు కూడా, మోకాలు బాగా వంగిన దశలో చిప్ప మీద ఒత్తిడి పొట్టి అడుగులోనే ఎక్కువగా కనిపించింది.

మొదటి దశలో నాకు ఇచ్చింది కదలని లంజ్, అంటే స్ప్లిట్ స్క్వాట్. కాళ్లు టైలున్నర దూరంలో పెట్టి, ఉన్నచోటే దిగి లేవడం. నడుము పైభాగాన్ని వీపు వంచకుండా తుంటి దగ్గర నుంచి కొద్దిగా ముందుకు వాల్చమన్నారు. అలా వాలితే పిరుదు వాటా ఇంకా పెరుగుతుంది. నొప్పికి పదికి మూడు మార్కుల దాకా పరవాలేదు, మర్నాటి పొద్దుటికి మామూలుకి రావాలి, రాకపోతే లోతు తగ్గించాలి. అదీ నియమం. మొదట్లో మర్నాడు మోకాలు మామూలుగానే ఉండేది కానీ పిరుదులు, గజ్జలు మాత్రం నేల మీద కూర్చోనిచ్చేవి కావు!

పొడవుకీ హద్దు ఉంది. ఇంకా మంచిదేమో అని రెండు టైల్స్ దూరం ప్రయత్నించి చూశాను. వెనక కాలి తొడ ముందు భాగం సాగిపోయి కటిని ముందుకు లాగేసింది, నడుము విల్లులా వంగింది. ముందు మోకాలు సరిగ్గా వంగనే లేదు. కింది నుంచి లేవడానికి ఊగాల్సి వచ్చింది. ఈ గుర్తులు కనిపిస్తే అడుగు మరీ ఎక్కువైనట్టే.

తర్వాత దశ రివర్స్ లంజ్. ఇందులో ముందు పాదం కదలదు, వెనక్కి అడుగు వేస్తాం. ఫార్వర్డ్ లంజ్‌లో అయితే ముందుకు దూకినట్టు వచ్చే ఒళ్లుని ముందు కాలే బ్రేకు వేసి ఆపాలి. ఆ బ్రేకు పని ఎక్కువగా తొడ ముందు కండరాలదే, అంటే మళ్లీ చిప్ప మీదకే. అందుకే నాకు ఫార్వర్డ్ లంజ్ చివర్లో ఇచ్చారు. వాకింగ్ లంజ్ అయితే ఆ తర్వాతే. వెనక కాలు బెంచీ మీద పెట్టి చేసే బల్గేరియన్ రకంలో కూడా ఇదే సూత్రం పనిచేస్తుంది. ముందు పాదం బెంచీకి దగ్గరైతే మోకాలికి, దూరమైతే తుంటికి.

నాకు అన్నిటికన్నా ఉపయోగపడింది దీని తర్వాతి భాగం. పొడవు అడుగు సుఖంగా ఉంది కాబట్టి ఎప్పటికీ అదే చేస్తానన్నాను. "మెట్లు దిగేటప్పుడు టైలున్నర అడుగు వేస్తారా సర్?" అని నవ్వారు మేడమ్. మెట్టు దిగేటప్పుడు పై మెట్టు మీదున్న మోకాలు వేళ్ల దాకా ముందుకి వస్తుంది, పని చేసేది తొడ ముందు కండరాలే. వాటిని ఎప్పుడూ తప్పిస్తూ పోతే మెట్ల మీద నొప్పి అలాగే ఉంటుంది. కాబట్టి నొప్పి నియమం దాటనంత వరకు అడుగుని నాలుగు వేళ్ల చొప్పున తగ్గించుకుంటూ వచ్చాం. ఒక కొలత దగ్గర మర్నాడు కూడా సలుపు మిగిలితే మళ్లీ నాలుగు వేళ్లు వెనక్కి. చివరికి ఒక టైలు దగ్గరికి వచ్చేసరికి మోకాలు వేళ్లు దాటినా ఇబ్బంది లేదు. జిమ్‌లో ట్రైనర్ తమ్ముడు ఇప్పటికీ "అన్నా, మోకాలు బొటనవేలు దాటకూడదు" అని అరుస్తాడు. దాటడం తప్పు కాదు, అది మోకాలికి ఇచ్చే పని. ఆ పనికి మోకాలు సిద్ధంగా ఉందా లేదా అన్నదే చూసుకోవాలి.

మా ఆఫీసులో పరుగు పందేలకి వెళ్లే ఒకాయన నా కథ విని పొడవు అడుగు మొదలుపెట్టాడు. ఆయనకి నొప్పి మోకాలిలో కాదు, కూర్చుంటే నేలకి ఆనే ఎముక దగ్గర, తొడ వెనక కండరం మొదలయ్యే చోట. పొడవు అడుగులో తుంటి ఎక్కువ వంగి ఆ కండరం సాగుతూనే పని చేయాలి కాబట్టి నొప్పి ఇంకా పెరిగింది. ఆయన ఫిజియో ఒక టైలు అడుగుతో, ఒళ్లు నిటారుగా ఉంచి మొదలుపెట్టించాడు. నాకు చివర్లో ఇచ్చిన కొలత ఆయనకి మొదట్లోనే పడింది.