కూచిపూడి బొమ్మ లోపల డొల్ల చేసి రెసిన్‌లో ప్రింట్ చేసిన నా అనుభవం

ద్రవ రెసిన్‌ని యూవీ కాంతితో పొరపొరగా గట్టిపరిచే 3డీ ప్రింటర్‌లో చేసిన 12 సెం.మీ. ఎత్తున్న కూచిపూడి నర్తకి బొమ్మ ఇది. అరమండిలో నిలబడి ఉంటుంది, ముందు కుచ్చెళ్ళు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి, వీపు మీద పొడుగాటి జడ, కాళ్ళ కింద గుండ్రటి పీఠం. మొత్తం గట్టిగా ప్రింట్ చేస్తే రెసిన్ బోలెడు ఖర్చవుతుంది. పైగా బరువైన బొమ్మ, ప్రింటర్‌లో దాన్ని పట్టుకుని ఉండే ప్లేట్ నుంచి ఊడి పడే అవకాశమూ ఎక్కువ. అందుకే లోపల డొల్ల చేశాను.

చాలామంది ఫైల్ తెరవగానే డొల్ల చేసే హాలో బటన్ నొక్కి, రెసిన్ కారడానికి రంధ్రాలు పెట్టేసి, ఆ తర్వాత బొమ్మను తిప్పుతారు. నేను ముందు ఏ కోణంలో ప్రింట్ చేయాలో తేల్చుకున్నాకే డొల్ల జోలికి వెళ్తాను. ఎందుకంటే రంధ్రం ఎక్కడ ఉండాలో కోణమే చెబుతుంది. ముఖం, కుచ్చెళ్ళు చెడకూడదు కాబట్టి వీపు ప్లేట్ వైపు వచ్చేలా బొమ్మను సుమారు 35 డిగ్రీలు వెనక్కి వాల్చాను. బొమ్మను మోసే సన్న పుల్లల, అంటే సపోర్ట్స్ మచ్చలన్నీ వీపు మీదకూ పీఠం అడుగుకూ పోతాయి, అక్కడైతే ఉప్పుకాగితంతో రుద్దుకోవచ్చు.

గోడ మందం 2.5 మి.మీ. ఇచ్చాను. ఇక్కడ అసలు చూడాల్సింది మెడ. ఈ బొమ్మ మెడ 6 మి.మీ. కూడా లేదు, రెండు వైపులా గోడలు పోతే మధ్యలో మిగిలేది దాదాపు సున్నా. అంటే మొండెంలో ఒక డొల్ల, తలలో దానితో సంబంధం లేని ఇంకో డొల్ల తయారవుతాయి, తలలో చిక్కిన పచ్చి రెసిన్‌కి బయటికి దారే ఉండదు. బయటి నుంచి చూస్తే ఇది ఎంతమాత్రం తెలియదు. సాఫ్ట్‌వేర్‌లో బొమ్మను పొరలుగా కోసి స్లైస్ చేశాక ఆ లేయర్లను ఒక్కొక్కటే పైకి జరుపుతూ పోతే, మొండెంలో డొల్లని చూపే నల్ల ప్రాంతం భుజాల దగ్గర మూసుకుపోయి, కాస్త పైన తలలో కొత్త నల్ల చుక్క మొదలవడం కనిపిస్తుంది. తలకి విడిగా రంధ్రం పెట్టొచ్చు గానీ అంత చిన్న తలలో ఆదా అయ్యే రెసిన్ చుక్కలే, అందుకే తలని గట్టిగానే ఉంచేశాను.

ఇక రంధ్రాలు. ప్రింట్ అవుతున్నప్పుడు బొమ్మ తలకిందులుగా వేలాడుతుంది, డొల్ల నోరు కింద రెసిన్ తొట్టి అడుగున ఉండే ఫిల్మ్ వైపు తెరుచుకుని ఉంటుంది. ప్రతి లేయర్‌కీ ప్లేట్ పైకి లేచేటప్పుడు లోపలికి గాలో రెసినో వచ్చే దారి లేకపోతే డొల్ల ఫిల్మ్‌ని పట్టి పీలుస్తుంది. గోడ ఉబ్బడం, చుట్టూ అడ్డగీత పడటం, పల్చటి చోట చిరిగి కన్నం పడటం, పెద్దగా టప్‌మని చప్పుడు రావడం దీని గుర్తులు. అందుకే మొదటి రంధ్రం డొల్ల ఎక్కడ మొదలవుతుందో అక్కడే, అంటే ప్లేట్‌కి అన్నిటికంటే దగ్గరగా ఉండాలి. ఈ కోణంలో అది పీఠం వెనక అంచు, అక్కడ పీఠంలోంచి లంగా లోపలి దాకా 4 మి.మీ. రంధ్రం పెట్టాను. రెండోది డొల్లకి అవతలి కొసన, మెడ కింద జడ పక్కనే, 2.5 మి.మీ. ఒక్క రంధ్రమే ఉంటే గాలి లోపలికి పోక రెసిన్ జారదు, నూనె డబ్బాకి రెండో కన్నం పొడిచినట్టే.

సపోర్ట్స్ చివర్న. బొమ్మ బరువంతా మొదట మోసేది పీఠం వెనక అంచు, అక్కడ లావు సపోర్ట్స్ దగ్గర దగ్గరగా వేశాను, రంధ్రం నోటికి మాత్రం ఏదీ తగలనివ్వలేదు. తర్వాత గాల్లో మొదలయ్యే చోట్లు వెతకాలి. జడ కుప్పెల చివర, మణికట్టు కన్నా కిందికి వంగిన వేలికొసలు, ఇవి కింద ఏ ఆధారమూ లేకుండా హఠాత్తుగా మొదలవుతాయి. ఆటో సపోర్ట్ జడని పట్టుకుంది గానీ ఒక చిటికెన వేలిని వదిలేసింది. దానికి 0.3 మి.మీ. కొస ఉన్న సన్న సపోర్ట్ చేత్తో పెట్టాను. అది లేకపోతే ఆ వేలి ముక్క ఫిల్మ్‌కే అంటుకుపోయేది.

ప్రింట్ అయ్యాక కడుపులో ఇంకా కొంత రెసిన్ మిగిలే ఉంటుంది, మెడ కింది రంధ్రం కూడా వీపు వైపు, అంటే ప్లేట్ వైపే ఉంది కదా. చేతికి గ్లవ్స్ వేసుకుని, బొమ్మను ప్లేట్ నుంచి తీసి, పీఠం కిందికి పెట్టి కారనిచ్చాను. ఆ తర్వాత మెడ కింది కన్నంలోంచి సిరంజితో ఐపీఏ అనే ఆల్కహాల్ పోస్తూ, పీఠంలోంచి వచ్చేది రంగు లేకుండా తేటగా అయ్యేదాకా కడిగాను. పూర్తిగా ఆరాక తీగకి అతికించిన 3 మి.మీ. యూవీ ఎల్ఈడీని పెద్ద రంధ్రంలోంచి దూర్చి లోపల కూడా క్యూర్ చేశాను. దీన్ని వదిలేస్తే లోపలి పచ్చి రెసిన్ వారాల తర్వాత గోడని పగలగొట్టుకుని జిగటగా బయటికి కారుతుంది, అప్పటికి రంగులు కూడా వేసేసి ఉంటాం. మెడ కింది రంధ్రాన్ని అదే రెసిన్ చుక్కతో నింపి యూవీ టార్చ్ చూపించి మూసేశాను, పీఠం అడుగుది తెరిచే ఉంచాను.