చిన్నబండిలో మిగిలిన పాదాలు

మన పర్లాకిమిడి బడి సంచికకు ఒక పేజీ రాయమని కమిటీ వాళ్లు ఫోన్ చేశారు. మహేంద్రతనయ గట్టు, కోట వెనక క్రికెట్టు, ఒడియా పీరియడు సంగతి ఎవరో ఒకరు రాస్తారు. నేను తెలుగు మాస్టారి గురించే రాస్తాను, అదీ ఒక్క సాయంత్రం గురించి.

వార్షికోత్సవంలో నేను చదివిన ‘చిన్నబండి’ కవిత మీకు గుర్తుండే ఉంటుంది. మీరు విన్నది 13 పాదాలు. మాస్టారి బల్ల మీద పెట్టినప్పుడు 24.

ఆయన కలం తీయలేదు. అట్టముక్కతో ఒక్కో పాదం మూస్తూ, మిగతాది పైకి చదవమన్నారు. మూసినా ఏమీ తగ్గకపోతే పక్కన చుక్క పెట్టాలి, అప్పుడే కొట్టెయ్యకూడదు. ‘కాలం ఒక మహాప్రవాహం’తో మొదలైన తొలి 4 పాదాలకూ చుక్కలు పడ్డాయి. అవి చెయ్యి కుదుర్చుకోవడానికి రాసుకునేవట. “గిడుగువారు పాఠం చెప్పిన ఊరు నాయనా ఇది, నీ నోట్లో మాట రాయి” అన్నారు. కవిత ‘నౌపడా బండి కూత పెట్టింది’ దగ్గరే మొదలైంది. బండికి నేను తగిలించిన 3 ఉపమానాలూ పోయాయి. ‘ముక్కుపుడక మీద బొగ్గు మసి’ అన్నాక పొగ గురించి వేరే చెప్పేదేముంది?

అన్నిటికన్నా చప్పని పాదం ‘అమ్మమ్మ ఎప్పుడూ ఆఖర్నే దిగేది’. దాన్ని తీసేద్దామన్నాను. మాస్టారు దాన్ని మూసి చివర చదవమన్నారు: ‘ఈ ఏడూ బండి ఆగింది / అందరూ దిగిపోయారు’. ఊరికే స్టేషన్ కబురులా ఉంది. అట్ట తీసి మళ్లీ చదివితే, అమ్మమ్మ లేదన్న సంగతి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. ముగింపు బరువంతా ఆ చప్పని పాదమే మోస్తోంది. దాంతో ‘ఆమె ప్రేమ అమరం’ అంటూ ఆ తర్వాత నేను సాగదీసిన 4 పాదాలకూ పనిలేకపోయింది.

ఇంకా తగ్గుతుందేమోనని మసి పాదం కూడా మూసి చూశారు. కవిత నడిచింది గానీ, మా అమ్మమ్మ ఎవరి అమ్మమ్మైనా అయిపోయింది. వెంటనే అట్ట తీసేశారు. కోత అక్కడితో ఆగింది.

నేనిప్పుడు విశాఖలో ఒక పత్రికకు వచ్చే కవితలు చూస్తున్నాను. నావీ రెండు సంపుటాలు వచ్చాయి. కవులకు ఫోన్ చేసి, మెరిసే పాదాన్ని కాదు, ఏ పాదం మూస్తే కింది పాదం కూలుతుందో వెతుక్కోమంటాను. చుక్కలు పెట్టిన ప్రతిని రాత్రి పక్కన పెట్టి, పొద్దున్నే పైకి చదివాకే గీత కొట్టమంటాను. నచ్చిన పాదం పోతుందంటే కొందరు నొచ్చుకుంటారు. శ్రీకాకుళం వైపు నుంచి ఒక అమ్మాయి పంపిన పొడుగు కవిత మొన్న అలాగే సగమై తిరిగొచ్చింది. ఈసారి మా మొదటి పేజీ దానిదే.