సమ్రాజ్ఞీ భవ: గడప దాటే కోడలితో వేదం అనే మాట

పెళ్ళి మంత్రాల్లో ఒకటుంది. సన్నాయి మేళంలోనో, ఫోటోల హడావుడిలోనో కలిసిపోయి ఎవరి చెవినా పడదు.

సమ్రాజ్ఞీ శ్వశురే భవ సమ్రాజ్ఞీ శ్వశ్ర్వాం భవ
ననాందరి సమ్రాజ్ఞీ భవ సమ్రాజ్ఞీ అధి దేవృషు

ఋగ్వేదం పదో మండలంలో 85వ సూక్తం వివాహ సూక్తం. 47 మంత్రాల ఆ సూక్తంలో ఇది 46వది. శ్వశురుడంటే మామగారు, శ్వశ్రువు అత్తగారు, ననాందృ అంటే ఆడపడుచు, దేవృ అంటే మరిది. "మామగారి దగ్గర మహారాణివై ఉండు, అత్తగారి దగ్గర మహారాణివై ఉండు, ఆడపడుచు దగ్గర, మరుదుల దగ్గర మహారాణివై ఉండు" అని అర్థం. కొత్త కోడలు అత్తింట్లో మొదటి రోజు ఎవరెవరికి ఎదురుపడి పలకరించాలో వాళ్ళందరూ వరసగా ఇందులో ఉన్నారు. భర్త మాత్రం లేడు. అతని సంగతి, ఇద్దరి మనసులూ కలవాలన్న కోరిక తర్వాతి మంత్రంలో వస్తుంది. ఈ సూక్తానికి ద్రష్ట సూర్యా సావిత్రి. అంటే అత్తింటికి వెళ్ళే అమ్మాయి గురించిన ఈ మాటలు ఒక స్త్రీ నోట వచ్చినవిగానే మన సంప్రదాయం చెప్పుకుంటుంది.

మా చిన్నబ్బాయి పెళ్ళికి ముందు మా పురోహితులు గారిని కూర్చోబెట్టి ఈ మంత్రానికి అర్థం అడిగాను. అడగడానికి నా కారణం నాకుంది. నేను కోడలిగా వచ్చిన రోజు, కొంగుముడితో లోపలికి వస్తుంటే నా మడమ గడపకు తగిలింది. వెంటనే వెనకనుంచి ఒక పెద్దావిడ "అయ్యో, గడప తొక్కేసింది" అంది. ఆ ఇంట్లో నేను విన్న మొదటి మాట అదే. ఆ తర్వాత ఎంతమంది ఎంత ప్రేమగా చూసినా, ఆ మాట చాలా ఏళ్ళు నాలో ఉండిపోయింది.

గడప తొక్కకూడదన్నది నిజంగా శాస్త్రంలో ఉంది. తెలుగు వైదిక కుటుంబాల్లో ఎక్కువమందిది ఆపస్తంబ సూత్రం. ఆ గృహ్యసూత్రం వధువును కుడికాలు ముందు పెట్టి లోపలికి రమ్మంటుంది, గడప మీద నిలబడవద్దంటుంది. అయితే గడప తొక్కడం ఎందుకు జరుగుతుందో చూడండి. ఇద్దరికీ కొంగుముడి ఉంటుంది. అబ్బాయి అలవాటుగా ఒక అడుగు ముందు వేస్తాడు. ముడి లాగుతుంది. అమ్మాయి తూలి, దొరికిన చోట కాలు పెడుతుంది. పైగా చీర అంచు కింద గడప ఆమెకు కనపడదు. తప్పు అమ్మాయిది కాదు, వేగానిది. అందుకే మా కోడలు వచ్చేటప్పుడు మావాడికి ముందే చెప్పాను, "గడప ముందు ఆగు, తను కాలు ఎత్తాక నువ్వు ఎత్తు" అని. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకోవడానికి మా అమ్మాయిని పక్కన నిలబెట్టాను. అంతే, ఏ గొడవా లేకుండా అయిపోయింది.

అంతకుముందు ఎర్రనీళ్ళ దిష్టి. పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం కలిపితే నీళ్ళు ఎర్రబడతాయి. పళ్ళెంలో ఆ నీళ్ళు పోసి, హారతి పెట్టి, జంట చుట్టూ మూడుసార్లు తిప్పి, ఎవరూ తొక్కని చోట పారబోస్తాం. సున్నం ఎక్కువైతే రంగు ముదిరిపోతుంది, చీర మీద చుక్క పడితే మరక పోదు. కాబట్టి తిప్పేవాళ్ళ చేయి నిదానంగా ఉండాలి. తర్వాత ఆడపడుచులు తలుపు దగ్గర అడ్డం నిలబడి, ఒకరి పేరు ఒకరిని చెప్పమంటారు. సరదాగా ఒకసారి అడిగితే బాగుంటుంది. రాత్రంతా నిద్రలేని పిల్లను అరగంట నిలబెట్టడం బాగుండదు.

గడప మీద బియ్యం చెంబు గురించి ఒక మాట. కుడికాలితో దాన్ని తన్నడం అంటాం గానీ, తన్నకూడదు. బొటనవేలితో మెల్లగా తాకితే చెంబు లోపలివైపు ఒరగాలి, బియ్యం ఇంట్లోకి జారాలి. దానికి చిన్న చెంబు చాలు, అంచు దాకా నిండుగా ఉండాలి. పెద్ద బరువైన పాత్ర పెడితే తాకితే కదలదు, అప్పుడు అమ్మాయి గట్టిగా తంతుంది, బియ్యం వాకిలంతా చెల్లాచెదురవుతాయి. అన్నాన్ని కాలితో తాకడం ఇష్టంలేని పెద్దలు చేత్తోనే ఒంపమంటారు. నాకూ అదే బాగుందనిపిస్తుంది. మా కోడలిని అడిగితే "చేత్తో ఒంపుతాను అత్తయ్యా" అంది. నన్ను అలా పిలవడం అదే మొదటిసారి.

లోపలికి వచ్చాక ముందు దేవుడి దగ్గర దీపం. ఆ తర్వాతే మనుషులు. మా ఇంట్లో ముందు మా అత్తగారు, ఎనభై దాటినావిడ. ఆవిడ మంచం మీద పడుకుని ఉన్నారు. పడుకున్నవాళ్ళకు నమస్కారం చేయకూడదు కాబట్టి లేపి కుర్చీలో కూర్చోబెట్టాం. జంట ఇద్దరూ కలిసి నమస్కరించాలి. ఆడవాళ్ళకు సాష్టాంగం లేదు, మోకాళ్ళ మీద వంగి తల నేలకు ఆనిస్తే చాలు. దీవించేటప్పుడు వేయడానికి అక్షతలు పెద్దల చేతిలో ముందే ఉంచాలి. అక్షతమంటే విరగనిది. నూక లేని బియ్యం ఏరి, కాస్త పసుపు, రెండు చుక్కల నెయ్యి కలిపితే చాలు. నెయ్యి ఎక్కువైతే ముద్దవుతాయి, తల మీద వేస్తే జారవు.

నేను ఎక్కువగా ఆలోచించింది ఇక్కడే. అభివాదానికి ప్రత్యభివాదం ఉండాలంటుంది ధర్మశాస్త్రం. అంటే నమస్కారం పెట్టిన మనిషికి తిరిగి పలకడం పెద్దవాళ్ళ విధి. వంగడం ఎలాగో కోడలికి నలుగురూ నేర్పుతారు. వంగిన పిల్లతో ఏమనాలో పెద్దలకు ఎవరూ చెప్పరు. కొందరు ఫోన్ చూసుకుంటూ నాలుగు అక్షతలు విసిరేస్తారు. మా అత్తగారు మాత్రం ఆ పిల్ల తల మీద చేయి ఉంచి, "దీర్ఘసుమంగళీ భవ" అని, చేయి తీయకుండా, "ఏమైనా తిన్నావా తల్లీ?" అని అడిగారు. తినలేదు. మాకెవరికీ ఆ సంగతి తట్టలేదు. ఇంకా ఇరవైమందికి దణ్ణాలు పెట్టాల్సి ఉంది. నేను వాటిని అక్కడే ఆపించి, పాలు, రెండు అరటిపళ్ళు తెప్పించాను.

అదే వివాహ సూక్తంలో 33వ మంత్రం "సుమంగలీరియం వధూః" అని మొదలవుతుంది. ఇది వధువుకు చెప్పేది కాదు, చూడవచ్చినవాళ్ళకు చెప్పేది. "ఈ వధువు మంగళకరురాలు, రండి, చూడండి, ఆమెకు సౌభాగ్యాన్ని ఇవ్వండి" అని పిలిచి, చివర "అథాస్తం వి పరేతన" అంటుంది. ఆ తర్వాత మీ మీ ఇళ్ళకు వెళ్ళండి అని. వచ్చినవాళ్ళు దీవించి వెళ్ళిపోవాలని వేదమే చెప్తుంటే, మనం మాత్రం సాయంత్రం దాకా కొత్త పెళ్ళికూతురిని కుర్చీలో కూర్చోబెట్టి, చీర ఎంత, చదువు ఎంత, వంట వచ్చా అని అడుగుతూ ఉంటాం.

ఆపస్తంబ సూత్రం ఇంకో మాట చెప్తుంది. ఇంట్లోకి వచ్చాక దంపతులను కూర్చోబెట్టి, సంతానం చల్లగా ఉన్న తల్లి బిడ్డను వధువు ఒళ్ళో కూర్చోబెట్టాలి. ఆ బిడ్డకు పళ్ళు ఇవ్వాలి. తర్వాత నక్షత్రాలు కనిపించేదాకా ఇద్దరూ మాట్లాడకుండా కూర్చోవాలి. సూత్రంలో ఆ మాట ద్వివచనంలో ఉంది, అంటే మౌనం అమ్మాయి ఒక్కతికే కాదు, అబ్బాయికీ ఉంది. నక్షత్రాలు వచ్చాక బయటికి తీసుకెళ్ళి ధ్రువుణ్ణి, అరుంధతిని చూపించాలి. ఈ కాలంలో అరుంధతిని మండపంలోనే పట్టపగలు చూపించేస్తున్నాం. సూత్రం చెప్పింది మాత్రం కొత్త ఇంటికి వచ్చాక, చీకటి పడ్డాక.

మొదటి రోజు కోడలు గలగలా మాట్లాడకపోతే "ముభావి" అని పేరు పెట్టేస్తారు కొందరు. మాట్లాడితే "నోరు ఎక్కువ" అంటారు. ఆ టెన్షన్ లేకుండా ఇద్దరికీ మౌనమే పెట్టింది సూత్రం. అత్తింట్లో ఆమె మొదట ఎదుర్కొనేది ప్రశ్నలడిగే పెద్దవాళ్ళను కాదు, ఒళ్ళో కూర్చున్న పసిబిడ్డను. ఆ బిడ్డ చేతిలో పండు పెట్టడమే ఇంటి మనిషిగా ఆమె చేసే మొదటి పని.

ఇవన్నీ పూర్తిగా మేమూ చేయలేకపోయాం. మౌనం అసలే కుదరలేదు. బిడ్డ సంగతి మాత్రం వదల్లేదు. మా పెద్దబ్బాయి కొడుక్కి రెండేళ్ళు. వాడిని తీసుకొచ్చి మా కోడలి ఒళ్ళో కూర్చోబెట్టాం. వాడు మొదట బిగుసుకుపోయాడు. తను ఒక అరటిపండు తొక్క తీసి, సగం విరిచి వాడి చేతిలో పెట్టింది. వాడు దాన్ని పట్టుకుని ఆమె మెడలో కొత్త నల్లపూసల వైపు చూస్తూ తిన్నాడు. మా పెద్దకోడలు పక్కనే నిలబడి "ఇక దిగడు చూడు, వీడికి పండు పెట్టినవాళ్ళే అమ్మ" అంది. "ఉండనీ అక్కా, పర్వాలేదు" అంది కొత్త కోడలు. ఇంట్లో అడుగు పెట్టినప్పటినుంచీ వంచిన తల ఎత్తి నవ్వడం అప్పుడే చూశాను.

ఆ రాత్రి డాబా మీదికి ఇద్దరినీ పంపించాం. ఉత్తరాన మబ్బు పట్టి అరుంధతి కనిపించలేదట. ధ్రువుడు మాత్రం కనిపించాడని మర్నాడు పొద్దున ముగ్గు వేయడానికి నాతో పాటు వాకిట్లోకి వచ్చి, తనంతట తనే చెప్పింది.