ఆ చిన్న బిళ్ళ మానడానికి 21 వారాలు

నేను హాస్పిటల్ ఫార్మసిస్టుని. వరంగల్‌లో పదహారేళ్ళుగా మందులిస్తున్నాను. ఆందోళనకీ నిద్రకీ ఇచ్చే మత్తుబిళ్ళ అల్‌ప్రజోలామ్ ఇచ్చిన ప్రతిసారీ, గట్టి నిఘా ఉన్న మందుల కోసం పెట్టిన షెడ్యూల్ హెచ్1 రిజిస్టరులో డాక్టరు పేరు, చిరునామా, పేషెంటు పేరు, మందు పేరు, ఎన్ని బిళ్ళలిచ్చానో రాయాలి. ఆ రిజిస్టరును మూడేళ్ళు దాచాలి. అలాంటి నేనే ఎనిమిది నెలలు ఆ బిళ్ళ మీద నడిచాను. ఇప్పుడు బాగున్నాను కాబట్టి రాయగలుగుతున్నాను.

రాత్రిపూట గుండె దడ, ఊపిరి పట్టేసినట్టుండటం, ఏదో జరగబోతోందన్న భయం. ఈసీజీ, రక్త పరీక్షలు అన్నీ సరిగ్గానే వచ్చాయి. నేను మొదట చూపించుకున్న ఫిజీషియన్ రాత్రికి 0.25 మి.గ్రా. అల్‌ప్రజోలామ్ రాశారు. ఎన్నాళ్ళు వాడాలో చీటీలో లేదు. అడిగితే నవ్వి, "విటమిన్ బిళ్ళ లాంటిదేనమ్మా. మందులిచ్చేదానివి, నీకు నేను చెప్పాలా?" అన్నారు. ఆ మాట తలుచుకుంటే ఈ రోజుకీ మనసు మండుతుంది. తెల్లకోటు వేసుకుంటే అన్నీ తెలిసినట్టేనా? భయంతో కూర్చున్న మనిషి ఆ గదిలో పేషెంటే. చెప్పాల్సింది చెప్పి తీరాలి.

మొదటి రాత్రి అరగంటలోనే దడ తగ్గి హాయిగా నిద్రపోయాను. రెండు నెలలు దాటాక 0.25 చాలలేదు, 0.5 అయింది. అయిదో నెలకి ఉదయం కూడా ఒక 0.5 పడితేగానీ పని దగ్గర నిలబడలేకపోయాను. మధ్యాహ్నం మూడు గంటలకి కారణం లేకుండా చేతులు చెమటపట్టేవి. జబ్బు ముదురుతోందనుకున్నాను. నిజానికి అది ఉదయం బిళ్ళ దిగిపోతున్న సూచన. అల్‌ప్రజోలామ్ రక్తంలో సగానికి తగ్గడానికి సుమారు 11 గంటలు పడుతుంది. రోజూ వాడేవాళ్ళకి ఆ తగ్గుదలే ఆందోళనగా బయటికొస్తుంది.

ఆ తర్వాత విశాఖలో మా వదిన కూతురి పెళ్ళి. మందుల సంచి ఇంట్లోనే మర్చిపోయాను. మొదటి రోజు ఎలాగో గడిచింది. రెండో రాత్రి సన్నాయి మోత చెవుల్లో సూదుల్లా గుచ్చుకుంది, ట్యూబులైటు వెలుతురు కళ్ళకి భరించరాకుండా అయింది. చేతిలో గ్లాసు నిలవలేదు. చర్మం కింద చీమలు పాకుతున్నట్టుంది. మావారు మందుల షాపుకి పరిగెత్తితే చీటీ లేనిదే ఇవ్వనన్నాడు షాపతను. అతని మీద నాకు కోపం లేదు. ఆ స్థానంలో నేనున్నా ఇవ్వను. రాత్రి రెండింటికి ఒక ఆసుపత్రి క్యాజువాల్టీకి తీసుకెళ్ళారు. డ్యూటీలో ఉన్న అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. నాడి చూసి, చేతులు చాపమని వణుకు చూసి, ఒకే ప్రశ్న అడిగింది: "అమ్మా, రోజూ వేసుకునే నిద్రమాత్ర ఏదైనా ఆపేశారా?" ఎనిమిది నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమె. అదే జాతికి చెందిన డయజెపామ్ బిళ్ళ ఒకటి వేసి తెల్లారేదాకా పక్కనే ఉంచుకుంది. "ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, మళ్ళీ ఇలా చెయ్యకండి" అని చెప్పి, సైకియాట్రిస్టుకి ఉత్తరం రాసిచ్చింది. ఆ పిల్ల ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

ఈ విషయం తెలంగాణలో చాలామంది కళ్ళారా చూశారు. కల్తీ కల్లులో కలిపేది చాలాచోట్ల ఈ అల్‌ప్రజోలామ్, డయజెపామ్‌లే. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో కల్లు దుకాణాలు మూతపడగానే ఫిట్స్‌తో, పొంతన లేని మాటలతో ఎంతోమందిని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తెచ్చారు. వాళ్ళ ఒంట్లో జరిగినదీ నా ఒంట్లో జరిగినదీ ఒకటే. మెదడులో గాబా అనే పదార్థం బ్రేకులా పనిచేస్తుంది. ఈ మందులు ఆ బ్రేకుని ఇంకా గట్టిగా నొక్కుతాయి. వారాల తరబడి నొక్కి ఉంచితే మెదడు తన బ్రేకుని తానే వదులు చేసుకుంటుంది. అప్పుడు మందు ఆపితే ఆపేది ఏదీ ఉండదు. అందుకే వీటిని రోజూ వాడేది రెండు నుంచి నాలుగు వారాలు దాటకూడదంటారు.

వరంగల్ తిరిగొచ్చాక కలిసిన సైకియాట్రిస్టు మేడమ్ మొదటి రోజు ముప్పావుగంట కూర్చోబెట్టి మాట్లాడారు. ఏడు ప్రశ్నల కాగితం ఇచ్చారు. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 21. నాకు 16 వచ్చాయి. 15, ఆపైన వస్తే తీవ్రమైన ఆందోళన కిందే లెక్క. థైరాయిడ్, హిమోగ్లోబిన్ మళ్ళీ చూశారు. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాగే దడ వస్తుంది. మద్యం, గర్భం, ఆస్తమా గురించి అడిగారు. నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారుతో రోజులు గడిచిన సందర్భం ఎప్పుడైనా ఉందా అని కూడా అడిగారు. అలాంటి చరిత్ర ఉన్నవాళ్ళకి, దిగులుకీ ఆందోళనకీ వాడే ఎసిటలోప్రామ్ లాంటి మందు ఒంటరిగా ఇస్తే ఆ హుషారు ఉన్మాదం దాకా పోవచ్చట.

తర్వాత అలవాటు కాని మందులు ఒక్కొక్కటీ నా ముందే తూకం వేశారు. ప్రొప్రనలాల్ దడనీ వణుకునీ ఆపుతుంది. వేదిక ఎక్కేముందు గంట ముందు వేసుకునేవాళ్ళకి బాగా పనికొస్తుంది. కానీ తలలో తిరిగే ఆలోచనల్ని ఆపదు. పైగా చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది, ఈ మందు ఊపిరి గొట్టాలను బిగిస్తుంది. కాబట్టి వద్దన్నారు. బస్పిరోన్ మత్తు కలిగించదు, అలవాటు కాదు, ఎడతెగని ఆందోళనకి మంచిదే. అయితే ఉన్నట్టుండి ముంచెత్తే పానిక్ మీద పనిచెయ్యదు. గాబా దగ్గర దానికి పనే లేదు కాబట్టి అల్‌ప్రజోలామ్ మానేటప్పుడు వచ్చే బాధనీ ఆపలేదు. ఇంకో మాట చెప్పారు: "నిద్రమాత్ర సుఖం ఒకసారి తెలిసినవాళ్ళకి బస్పిరోన్ ఏమీ చెయ్యనట్టే అనిపిస్తుందమ్మా, మధ్యలో వదిలేస్తారు." హైడ్రాక్సిజీన్ అలర్జీ మందు, దానికీ అలవాటు పడరు, రాత్రి నిద్ర పట్టిస్తుంది. కానీ ఎసిటలోప్రామ్‌లాగే అది కూడా ఈసీజీలో క్యూటీ అనే వ్యవధిని సాగదీస్తుంది. రెండూ కలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం పెరుగుతుంది. అందుకని దాన్నీ పక్కనపెట్టారు.

చివరికి మిగిలింది ఎసిటలోప్రామ్. టిఫిన్ తర్వాత వారం రోజులు 5 మి.గ్రా., ఆపైన 10. దాని గుణం రెండు వారాలకి మొదలై ఆరు వారాలకిగానీ పూర్తిగా తెలియదు. మొదటి పది రోజులు కడుపులో తిప్పడం, ఆందోళన కాస్త పెరగడం కూడా ఉంటుంది. చాలామంది సరిగ్గా అక్కడే ఆపేసి, ఈ మందు పడలేదంటారు. ఆ పది రోజులు దాటించడానికి డాక్టర్లు మత్తుమందును రెండు మూడు వారాలు తోడుగా ఇవ్వడం తప్పేమీ కాదు. చీటీలో ఆపే తేదీ రాయకపోవడం తప్పు.

నా విషయంలో మత్తుమందును తోడుగా ఇవ్వాల్సిన పనే లేదు, ముందే ఒంట్లో ఉంది. మేడమ్ మొదట రాత్రి అల్‌ప్రజోలామ్‌ని, వారం తర్వాత ఉదయం దాన్ని, అదే జాతి మందు క్లోనజెపామ్‌కి అంతే మోతాదులో మార్చారు. మొత్తం రోజుకి 1 మి.గ్రా. ఇది ఒంట్లో సగం కావడానికి ఒక రోజు పైనే పడుతుంది, అందుకని మధ్యాహ్నం మూడింటి చెమటలు పోయాయి. ఎసిటలోప్రామ్ ఆరు వారాలు పనిచేశాకే తగ్గించడం మొదలుపెట్టారు. 0.25 బిళ్ళని సగం చేస్తే 0.125. ఒక్కో మెట్టుకి అంతే తీసేశారు. మొదటి మూడు మెట్లు రెండేసి వారాలు, 0.5 కి వచ్చాక మూడేసి వారాలు.

కింది మెట్లే కష్టం. 1 నుంచి 0.125 తీస్తే ఎనిమిదో వంతు, 0.25 నుంచి తీస్తే సగం. 0.125 కి దిగిన మూడో రోజు నిద్ర విరిగిపోయింది, నోట్లో ఇనుము రుచి. జబ్బు తిరగబెట్టిందని ఏడుస్తూ ఫోన్ చేశాను. ఆవిడ రెండు సంగతులు చూసుకోమన్నారు. మోతాదు తగ్గించిన కొద్ది రోజుల్లోనే మొదలై, ఎప్పుడూ లేని కొత్త బాధలు తెచ్చి, ఒకటి రెండు వారాల్లో చల్లబడితే అది మందు మానే బాధ. నెమ్మదిగా పాత దిగుళ్ళే తిరిగొచ్చి, పోకుండా కూర్చుంటే అది జబ్బు. మోతాదు పెంచలేదు, ఇంకా దించనూ లేదు, అక్కడే ఇంకో మూడు వారాలు ఆపారు. పన్నెండో రోజుకి నిద్ర వచ్చింది. అలా 18 వారాల లెక్క 21 అయింది. బిళ్ళ లేని మొదటి ఉదయం భద్రకాళి గుడికి వెళ్ళి చాలాసేపు కూర్చున్నాను. ఏమీ కోరుకోలేదు.

మా మామయ్యకి 72 ఏళ్ళు. భయం, నిద్రలేమి అంటే ఆయన్ని కూడా ఆవిడ దగ్గరికే తీసుకెళ్ళాం. ఆయనకి మత్తుమందు ఒక్క రోజు కూడా రాయలేదు. రాత్రి బాత్రూముకి లేచి పడితే తుంటి ఎముక విరుగుతుందన్నారు. ఎసిటలోప్రామ్ కూడా 10 దాటించనన్నారు, రెండు వారాలకి సోడియం పరీక్ష చేయించారు. పెద్దవాళ్ళకి ఈ మందుతో సోడియం పడిపోయి తికమక రావచ్చు. దాన్ని ఇంట్లోవాళ్ళు మతిమరుపనుకుంటారు.

ఎసిటలోప్రామ్‌ని అలవాటు కాని మందు అన్నంత మాత్రాన ఎప్పుడంటే అప్పుడు వదిలేయొచ్చనుకోకండి. మోతాదు పెంచమని ఒళ్ళు అడగదు, దానికోసం మనసు కొట్టుకోదు, అంతవరకే. ఒకసారి రెండు రోజులు మర్చిపోతే తల తిప్పినప్పుడల్లా లోపల చిన్న కరెంటు షాకులా కొట్టింది. నెమ్మదిగా ఉన్నాక కనీసం ఏడాది వాడి, అప్పుడు 5 కి దించి మానిపిస్తామన్నారు. ఇప్పుడు ఏడో నెల. మొన్నటి కాగితంలో 4 మార్కులు వచ్చాయి.

కౌంటరు దగ్గర ఇప్పుడు ఒక పని చేస్తున్నాను. అల్‌ప్రజోలామ్ చీటీలో రోజులు రాసి లేకపోతే, ఇచ్చేముందు ఆ డాక్టరుగారికి ఫోన్ చేసి ఎన్నాళ్ళని అడుగుతున్నాను. ఒకరిద్దరు విసుక్కున్నారు. చెప్పిన తేదీని కవరు మీద పెద్ద అంకెలతో రాసి, "అమ్మా, ఈ తేదీకి డాక్టరుగారికి చూపించాలి, మీ అంతట మీరు ఆపొద్దు, పొడిగించొద్దు" అని చేతికిస్తున్నాను.