డాలర్ ఫార్వర్డ్ బుక్ చేశాక మార్చి 31న నాకు ఎదురైన లెక్క

మాది బాలానగర్‌లో విడిభాగాలు తయారుచేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ. అకౌంట్స్ నేనే చూస్తాను. 2025 మొదట్లో తైవాన్ నుంచి ఒక సీఎన్‌సీ గ్రైండింగ్ యంత్రానికి ఆర్డర్ ఇచ్చాం. ఖరీదు 1,50,000 డాలర్లు. అందులో 30,000 అడ్వాన్స్‌గా కట్టేశాం. మిగిలిన 1,20,000 డాలర్లు యంత్రం వచ్చి బిగించాక, జూన్ 30న కట్టాలి.

ఫిబ్రవరి రెండో వారానికి డాలర్ 88 రూపాయల దగ్గరికి వచ్చేసింది. మా ఎండీ గారికి టెన్షన్ పట్టుకుంది. "జూన్‌కి 90 అయితే లోన్ సరిపోదమ్మా, ఏదో ఒకటి చెయ్యి" అన్నారు. ఫిబ్రవరి 10న బ్యాంకుకి పర్చేజ్ ఆర్డర్ చూపించి జూన్ 30న కొనే డాలర్ల ధరని ముందే ఖాయం చేసే ఫార్వర్డ్ కాంట్రాక్ట్ బుక్ చేశాం. ఆరోజు మాకు వచ్చిన స్పాట్ రేటు, అంటే అప్పటికప్పుడు డాలర్ కొనే ధర, 87.50. దాని మీద ప్రీమియం 70 పైసలు, అంటే కాంట్రాక్ట్ రేటు 88.20. జూన్ 30న డాలర్ ఎంతున్నా మేం 1,05,84,000 రూపాయలు కడతాం. బ్యాంకు మా లిమిట్‌లో కొంత పక్కన పెట్టుకుంది, అంతే. చేతి నుంచి డబ్బేమీ కదల్లేదు. అందుకే పుస్తకాల్లో నేను ఏ ఎంట్రీ వేయలేదు.

తర్వాత రూపాయి బలపడింది. మార్చి చివరికి డాలర్ సుమారు 85.50కి దిగింది. ఆ ఏడాది మార్చి 30 ఆదివారం ఉగాది, 31 సోమవారం రంజాన్. ఫారెక్స్ మార్కెట్ చివరిగా నడిచింది 28 శుక్రవారమే కాబట్టి ఆరోజు రేటునే ఏడాది చివరి రేటుగా తీసుకున్నాను.

ముగింపు లెక్కల్లో మొదట విదేశీ కరెన్సీ లావాదేవీల అకౌంటింగ్ స్టాండర్డ్ అయిన ఏఎస్ 11 చూశాను. ఫార్వర్డ్ ప్రీమియంని కాంట్రాక్ట్ కాలం మొత్తానికి పంచాలని అందులో ఉంది. 70 పైసల చొప్పున 1,20,000 డాలర్లకి ప్రీమియం 84,000. మొత్తం 140 రోజుల్లో మార్చి 31 నాటికి గడిచినవి 49 రోజులు. అంటే 29,400 ఖర్చు. ఎంట్రీ వేసి ఆడిటర్ గారికి పంపాను.

ఆయన ఫోన్ చేసి ఒకటే అడిగారు: "మార్చి 31న సప్లయర్‌కి మీరు బాకీ ఉన్నారా?"

లేం. యంత్రం ఇంకా తైవాన్‌లోనే ఉంది. మా దగ్గర ఉన్నది ఆర్డర్ మాత్రమే, బాకీ కాదు. నేను పట్టుకోలేకపోయిన తేడా అదే. ఏఎస్ 11లోని ఆ పద్ధతి అప్పటికే పుస్తకాల్లో ఉన్న బాకీకో రావలసిన సొమ్ముకో తీసుకున్న ఫార్వర్డ్‌కి వర్తిస్తుంది. ఇంకా పుట్టని బాకీ కోసం తీసుకున్న ఫార్వర్డ్ అయితే చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ ఐసీఏఐ వారు ఫార్వర్డ్ లాంటి డెరివేటివ్ కాంట్రాక్టుల కోసం ఇచ్చిన గైడెన్స్ నోట్ కిందకి వస్తుంది. అది 2016 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. పెద్ద కంపెనీలకి వర్తించే ఇండ్ ఏఎస్ అనే అకౌంటింగ్ ప్రమాణాల పరిధిలోకి రాని మాలాంటి కంపెనీలు దాన్ని పాటించాలి. దాని ప్రకారం కాంట్రాక్ట్‌ని ఏడాది చివర ఫెయిర్ వాల్యూకి, అంటే ఆరోజు మార్కెట్ విలువకి, పుస్తకాల్లో చూపించాలి.

సరే, ఎంత చూపించాలి? మొదట 88.20లో నుంచి 85.50 తీసేసి 2.70 చొప్పున 3,24,000 నష్టం అని వేశాను. అదీ తప్పే. 85.50 అనేది ఆరోజు డాలర్ కొనే ధర. మా కాంట్రాక్ట్ జూన్ 30ది. కాబట్టి "అదే జూన్ 30కి మార్చి 28న ఫార్వర్డ్ బుక్ చేస్తే ఎంత?" అని చూడాలి. మిగిలిన మూడు నెలల ప్రీమియం 50 పైసలు కలిపితే 86.00 వచ్చింది. తేడా 2.20. మొత్తం 2,64,000. ఈ డబ్బు పోయేది మూడు నెలల తర్వాత కాబట్టి, ఏడాదికి ఆరున్నర శాతం వడ్డీ లెక్కన నేటి విలువకి తగ్గిస్తే సుమారు 2,60,000. స్పాట్‌తో వేసిన లెక్కకీ దీనికీ అరవై వేలకు పైగా తేడా ఉంది.

సరిచూసుకోవడానికి బ్యాంకుని ఎంటీఎం స్టేట్‌మెంట్, అంటే ఆరోజు మార్కెట్ రేటుతో కాంట్రాక్ట్ విలువ ఎంతో చూపే పత్రం, అడిగాం. అంకె దగ్గర దగ్గరగానే ఉంది కానీ ముందు మైనస్ గుర్తు లేదు. లాభమా అని ఒక్క క్షణం ఆగిపోయాను. అది బ్యాంకు తన వైపు నుంచి రాసిన లెక్క. వాళ్ళకి రావలసింది మనకి పోవలసింది. డాలర్ కొనేవాళ్ళం మనం, ధర పడిపోయింది, ఇక నష్టం తప్ప ఇంకోటి కాదు. స్టేట్‌మెంట్ చూసే ముందే దిశ ఎటో మనం తేల్చుకుని ఉండాలి.

పాత 29,400 ఎంట్రీ తిప్పేసి, లాభనష్టాల ఖాతాకి 2,60,000 డెబిట్ చేశాను, డెరివేటివ్ లయబిలిటీకి క్రెడిట్ చేశాను. ఎండీ గారు బాధపడ్డారు. "రిస్క్ వద్దనుకుని చేసిన పనికి నష్టం చూపిస్తావేంటమ్మా? ఇంకా కట్టనే లేదు కదా" అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. ఇది చేతి నుంచి పోయిన డబ్బు కాదు. యంత్రం చవకవడం వల్ల కలిసొచ్చేది ఇంకా పుస్తకాల్లోకి రాలేదు, దానికి ఎదురుగా ఉన్న నష్టం మాత్రం ముందే వచ్చేసింది.

దీనికి గైడెన్స్ నోట్‌లోనే దారి ఉంది, హెడ్జ్ అకౌంటింగ్. అది పాటిస్తే ఈ నష్టం లాభనష్టాల ఖాతాకి పోకుండా రిజర్వ్‌లో ఆగుతుంది. కానీ అందుకు కాంట్రాక్ట్ బుక్ చేసిన రోజే కాగితం రాసి ఉండాలి. ఏ ఆర్డర్ కోసం, ఏ కాంట్రాక్ట్, ఏ రిస్క్ నుంచి కాపాడుకోవడానికి, అది పనిచేస్తోందని ఎలా కొలుస్తాం అన్నవి అందులో ఉండాలి. మేం రాయలేదు. "పాత తేదీతో ఇప్పుడు రాద్దామా" అని ఎండీ గారు అడిగితే ఆడిటర్ గారు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే సరైనదని నాకూ అనిపించింది. ఫలితం తెలిశాక రాసే కాగితానికి అర్థం లేదు.

పన్ను లెక్కలో ఇంకో మెలిక. ఆర్డర్ దశలో ఉన్న ఫార్వర్డ్ మీద ఇలాంటి నష్టం ఆ ఏడాది ఖర్చుగా చెల్లదు, సెటిల్ అయ్యాకే దాని సంగతి. కాబట్టి ఆదాయపు లెక్కలో ఆ 2,60,000 తిరిగి కలిపాం.

యంత్రం మే చివర్లో వచ్చింది. అప్పటి స్పాట్ రేటుకే పుస్తకాల్లోకి తీసుకున్నాం. జూన్ 30న డాలర్ మాకు 85.60. ఫార్వర్డ్ ప్రకారం బ్యాంకు 88.20 చొప్పున తీసుకుంది. డాలర్‌కి 2.60 చొప్పున మొత్తం నష్టం 3,12,000. అందులో 2,60,000 లయబిలిటీలోంచి పోయింది, మిగిలిన 52,000 కొత్త ఏడాదిలో ఖర్చు. ఖాతా నుంచి పోయింది సరిగ్గా 1,05,84,000. ఫిబ్రవరిలో లోన్ కోసం బ్యాంకుకి రాసిచ్చిన అంకె అదే.

రెండో యంత్రానికి ఆర్డర్ ఇచ్చినప్పుడు ఫార్వర్డ్ బుక్ చేసిన సాయంత్రమే ఒక పేజీ రాసి, ఎండీ గారి సంతకం తీసుకుని, తేదీతో ఆడిటర్ గారికి మెయిల్ చేశాను.