మా అన్న సదరం పరీక్షలో అడిగిన నాలుగు సంగతులు

మా అన్నకు స్కిజోఫ్రెనియా మొదలై పద్నాలుగేళ్లు దాటింది. మాది అనంతపురం జిల్లా, కళ్యాణదుర్గం దగ్గర పల్లె. జబ్బుకు ముందు అన్న మోటార్లు వైండింగ్ చేసేవాడు. వికలాంగుల పింఛను మానసిక రోగులకు కూడా ఉందని, దానికి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు సదరం సర్టిఫికెట్ కావాలని సచివాలయంలో చెప్పారు. 2024 నుంచి ఆ పింఛను నెలకు 6 వేలు. ఇంజెక్షన్లకు, బస్సు ఛార్జీలకు అదే పెద్ద ఆసరా కదా అని స్లాట్ బుక్ చేయించాం. ఆధార్, ఫోన్ నంబరు ఇస్తే చాలు, ఏ రోజు ఏ ఆసుపత్రికి రావాలో మెసేజ్ వస్తుంది. ఆ భాగం సులువుగానే అయింది.

చిక్కంతా చూపించే కాగితాల దగ్గర వచ్చింది. అన్నకు మొదట్నుంచీ మందులిస్తున్న డాక్టరు గారు ఒక లెటర్ ఇచ్చారు. 'దీర్ఘకాలిక స్కిజోఫ్రెనియా, క్రమం తప్పకుండా వైద్యం తీసుకుంటున్నారు, ప్రస్తుతం నిలకడగా ఉన్నారు' అని రెండు వాక్యాలు. అందులో అబద్ధమేమీ లేదు. గొంతులు వినిపించడం తగ్గింది, గొడవలు లేవు, నెలనెలా ఇంజెక్షన్ పడుతోంది. కానీ 'నిలకడగా' అన్నమాట చదివినవాళ్లకు మనిషి బాగున్నాడనే అనిపిస్తుంది. పరీక్ష చేసే సైకియాట్రిస్టుకు కావాల్సింది మాత్రం వేరే. జబ్బు ఉందని తేలాక, ఆ జబ్బు వల్ల మనిషి ఏ పనులు చేసుకోలేకపోతున్నాడన్నదే శాతం తేలుస్తుంది.

దానికి వాడే కొలతను ఐడియాస్ అంటారు. ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ తయారు చేసింది, 2002లో కేంద్రం గుర్తించింది. అందులో నాలుగే సంగతులు అడుగుతారు: తన ఒంటి పనులు తాను చూసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడటం-అర్థం చేసుకోవడం, పని. ఒక్కోదానికి ఇబ్బంది లేకపోతే సున్నా, పూర్తిగా చేతకాకపోతే 4. జబ్బు ఎన్నాళ్లుగా ఉందన్నదానికి విడిగా గరిష్ఠంగా 4 కలుపుతారు. మొత్తం 20. ఇందులో జబ్బు ఎంత భయంకరమైనదన్న లెక్క ఎక్కడా లేదు. అన్న ఒకప్పుడు రాత్రిపూట ఊరంతా తిరిగాడనీ, ఎవరో విషం పెడుతున్నారని అన్నం మానేశాడనీ మేం ఏడ్చి చెప్పినా ఇప్పటి మార్కులకు అది పనికిరాదు. ఇప్పుడు ఎలా ఉన్నాడన్నదే అడుగుతారు.

ఈ సంగతి తెలిశాక ఒక వారం పాటు అన్నను గమనించి కాగితం మీద మూడు వరుసలు రాసుకున్నాను. తనంతట తాను చేసినవి ఒకటి, చెబితే చేసినవి ఒకటి, మేమే చేసిపెట్టినవి ఒకటి. మామూలుగా ఇంట్లో ఈ తేడా ఎవరికీ కనబడదు, ఏళ్ల తరబడి అమ్మకు అలవాటైపోయింది కాబట్టి. ఆ కాగితం చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. మొదటి వరుసలో ఉన్నవి అన్నం తినడం, బీడీ తాగడం, దొడ్డికి పోవడం. స్నానం రెండో వరుసలో. మాత్రలు మూడో వరుసలో, అమ్మ చేతిలో పెట్టి నీళ్లు ఇవ్వాల్సిందే.

ఆ కాగితంతో డాక్టరు గారి దగ్గరికి మళ్లీ వెళ్లి, ఈ సంగతులతో ఇంకో లెటర్ అడిగాను. ఆయన చదివి, తానూ అన్నను, అమ్మను నాలుగు ప్రశ్నలు అడిగి, జబ్బు పేరు ఒక వాక్యంలో ముగించి మిగతాదంతా పనుల గురించి రాశారు.

పరీక్ష రోజు ఒకావిడ క్యూలో సలహా ఇచ్చింది, స్నానం చేయించకుండా తీసుకురావాల్సింది, పిచ్చి చూపులు చూస్తే మార్కులు పడతాయని. మాకది నచ్చలేదు, పైగా అవసరం కూడా లేదు. అన్న తల దువ్వుకుని, ఉతికిన చొక్కాతో బుద్ధిగా కూర్చున్నాడు. ఎలా ఉన్నావంటే 'బాగున్నా సార్' అన్నాడు. అతని మటుకు అతను బాగానే ఉన్నాడు, జబ్బే లేదంటాడు. అందుకే ఈ పరీక్షలో రోగిని రోజూ చూసేవాళ్లు పక్కన ఉండి తీరాలి.

అసలు గండం అమ్మతో వచ్చింది. "స్నానం చేస్తాడు సార్, అన్నం తింటాడు, ఎవురి జోలికీ పోడు" అంది. కొడుకు పరువు కాపాడాలన్న తపన ఆమెది. పరీక్ష చేస్తున్న డాక్టరు గారు పెన్ను కింద పెట్టి అడిగారు.

"మీరు చెప్పకపోతే స్నానం చేస్తాడా అమ్మా?"

"చెప్పకపోతే నెలయినా పోడు సార్. నీళ్లు కాగబెట్టి, టవలు పెట్టి, నాలుగుసార్లు పిలవల్ల."

"మీరు ఊరికి పోతే?"

"నేను పోయి యాన్నాళ్లయిందో సార్. పోయినా సాయంత్రానికి వచ్చేస్తా. అన్నం కుండ ముందర ఉన్నా వడ్డించుకోడు."

అప్పుడు నా కాగితం ఇచ్చాను. ఒంటి పనుల దగ్గర 2 వేశారు. చెబితే చేస్తున్నాడు, తినడం తనే తింటున్నాడు, కాబట్టి అంతకు మించి వేయలేదు. అది న్యాయమే. నలుగురితో మెలగడం దగ్గర 2. చుట్టాలొస్తే గదిలోంచి రాడు, కానీ మా చిన్నపాపతో కూర్చుంటాడు, పలకరిస్తే బదులిస్తాడు. మాట, అర్థం దగ్గర 1: అడిగినదానికి చిన్నగా సరైన జవాబే చెబుతాడు, ఫోను మోగినా ఎత్తడు, టీవీలో చూసింది తిరిగి చెప్పలేడు.

పని దగ్గర ఎక్కువసేపు ఆగారు. ఉద్యోగం-కూలి, ఇంటిపని, చదువు అని మూడు రకాలుంటాయి, మనిషికి తగినది ఒకటే చూస్తారు. అన్నకు కూలి పని చూశారు. "చేను పనికి వెళ్తాడా?" అన్నారు. శెనక్కాయలు పెరికేటప్పుడు తీసుకెళ్తే అరగంట పెరికి వేపచెట్టు కింద కూర్చుంటాడు, మళ్లీ పిలిస్తే లేవడు. ఉపాధి హామీ కార్డులో పేరుంది, కానీ కొలత పూర్తి కాదని మేస్త్రీ వద్దన్నాడు. వైండింగ్ పెట్టె అటక మీదే ఉంది. ఈ ముక్కలన్నీ వివరంగా చెప్పాం, 3 పడింది.

మొత్తం 8, పద్నాలుగేళ్ల జబ్బుకు 4, కలిపి 12. ఐడియాస్‌లో అది మధ్యస్థ వైకల్యం, 40 నుంచి 70 శాతం మధ్య. సర్టిఫికెట్ ఆ పరిధిలోనే వచ్చింది.

మా వెనకాలే ఉన్న అబ్బాయిదీ స్కిజోఫ్రెనియానే, అవే మాత్రలు. వాళ్ల నాన్నతో కలిసి టీ కొట్టు నడుపుతాడు, చిల్లర తనే లెక్క చూస్తాడు. అతనికి 40 రాలేదు. వాళ్ల నాన్న, "ఇద్దరిదీ ఒకే జబ్బు కదా" అని నన్నే అడిగాడు. కొట్టు నడిపే మనిషికి పని దగ్గర 3 ఎలా వేస్తారు, ఆయనకు అదెట్లా చెప్పాలో నాకు తోచలేదు.

అన్న సర్టిఫికెట్ మీద మళ్లీ పరీక్షకు రావాల్సిన ఏడాది అచ్చయి ఉంది. ఆ మూడు వరుసల కాగితాన్ని సర్టిఫికెట్‌తో పాటే కవర్లో పెట్టాను. సంక్రాంతికి అన్న రెండ్రోజులు చెప్పకుండానే స్నానం చేశాడు. తారీఖు వేసి అదీ రాశాను.